నూటికి నూట పన్నెండు: ఒక ఆఫర్‌కు రాసిన జవాబు

సలహా కోసం నా దగ్గరకు వచ్చిన ఒకామెకు గురువారం సాయంత్రం ఉద్యోగం ఆఫర్ లెటర్ వచ్చింది. శుక్రవారం పొద్దున్నకల్లా ఆమె జవాబు రాసేసింది. పంపే ముందు ఒకసారి చూడమని నాకు పెట్టింది. సమాధానం చెప్పడానికి బుధవారం దాకా గడువు ఉంది.

నేను పదకొండేళ్లు కంపెనీల వైపున కూర్చుని, వేతనాలు ఖరారు చేసే విభాగంలో పనిచేశాను. ఇప్పుడు అభ్యర్థుల వైపున ఉండి సలహాలు ఇస్తున్నాను. ఈ కేసు రాయడానికి ఆమె అనుమతి ఇచ్చింది. అసలు జీతం అంకెలు మాత్రం బయటపెట్టను. ఆఫర్‌లో ఇచ్చిన స్థిర వేతనాన్ని 100 అనుకుని, మిగతా అంకెలన్నీ దాని లెక్కలోనే చెబుతాను.

ఆమె డేటా ఇంజనీరు, ఏడేళ్ల అనుభవం. అప్పటి ఉద్యోగంలో స్థిర వేతనం 94. కొత్త కంపెనీ సీనియర్ హోదాలో స్థిర వేతనం 100, పనితీరును బట్టి ఏడాదికి ఇచ్చే వేరియబుల్ 12 అని రాసింది. జాయినింగ్ బోనస్ ప్రస్తావన లేదు.

ఆమె మొదటి ఉత్తరం రెండు పేజీలు ఉంది. క్షమాపణతో మొదలైంది: "ఇలా అడగడం సబబు కాదేమో, కానీ అడగక తప్పడం లేదు." తర్వాత ఇంటి రుణం, తమ్ముడి చదువు, పెరిగిన ఖర్చులు. ఆ తర్వాత, "మార్కెట్‌లో ఈ హోదాకు 120 నుంచి 130 దాకా ఇస్తున్నారు, కాబట్టి కనీసం 125 ఇస్తేనే చేరగలను." చిట్టచివర ఒకే వాక్యంలో కృతజ్ఞతలు.

అందులో అబద్ధం ఒక్కటీ లేదు. రాసినవన్నీ ఆమెకు నిజమైన కారణాలే. కానీ ఆ ఉత్తరం రిక్రూటర్ చేతిలోంచి ముందుకు కదలదు. ఎందుకో చెప్పాలంటే అది చేరాక లోపల ఏం జరుగుతుందో చెప్పాలి.

అభ్యర్థికి తెలిసిన ముఖాలు రెండు: రిక్రూటర్, ఇంటర్వ్యూ చేసిన మేనేజర్. ఇద్దరికీ ఆమె నచ్చింది, అందుకే ఆఫర్ వచ్చింది. జీతం పెంచే అధికారం మాత్రం చాలాచోట్ల ఆ ఇద్దరి చేతిలో ఉండదు. ఆఫర్ మారాలంటే రిక్రూటర్ ఒక చిన్న నోట్ రాసి వేతనాల విభాగానికి పంపాలి. నేను కూర్చున్నది ఆ కుర్చీలోనే. రోజుకు నాలుగైదు నోట్లు వచ్చేవి. నాకు అభ్యర్థి ముఖం తెలియదు, గొంతు తెలియదు. నేను చూసేవి మూడు: ఈ హోదాకు మా బ్యాండ్ ఎంత, అంటే ఎంత నుంచి ఎంత దాకా ఇవ్వొచ్చని కంపెనీ గీసుకున్న హద్దు, ఇదే పని చేస్తున్న మా పాతవాళ్లకు ఎంత ఇస్తున్నాం, బయట ఎంత నడుస్తోంది. ఇంటి రుణం గురించిన నోట్ వస్తే మనిషిగా జాలి కలిగేది, కానీ ఫారంలో "కారణం" అన్న గడిలో రాయడానికి నాకు ఏమీ దొరికేది కాదు. అదే రుణం పాతవాళ్లకూ ఉంటుంది. ఈ కారణంతో ఒకరికి పెంచితే మిగతావాళ్లకు ఏం చెప్పాలి?

అందుకే నా దగ్గరకు వచ్చేవాళ్లందరికీ చెబుతాను: మీరు రాసేది రిక్రూటర్‌కే అయినా, అందులో రెండు మూడు వాక్యాలు ఆయన ఉన్నవి ఉన్నట్టు కాపీ చేసి పైకి పంపేలా ఉండాలి. మార్కెట్ కారణం ఆ వాక్యాల్లో ఉండాలి. కృతజ్ఞత రిక్రూటర్‌కూ మేనేజర్‌కూ. ఆ రెండింటినీ ఒకే పేరాలో కలిపితే రెండూ పలచబడతాయి.

ముందు ఆమె 125 ఎక్కడి నుంచి వచ్చిందో అడిగాను. జీతం బయటపెట్టిన 14 ఉద్యోగ ప్రకటనలు సేకరించి, ప్రతి దాంట్లో కనిష్ఠ గరిష్ఠాల మధ్య అంకె తీసుకుని, సగటు కట్టింది. సగటు 121 వచ్చింది. అడిగితే తగ్గిస్తారు కదా అని 125 రాసింది.

పద్నాలుగు ప్రకటనలూ ఇద్దరం కూర్చుని ఒక్కొక్కటే చదివాం. రెండు టీమ్ లీడ్ ఉద్యోగాలు, కింద మనుషుల్ని నడిపించాల్సినవి. రెండింట్లో అంకె మొత్తం వేతనానిది, అంటే బోనస్, షేర్లు కూడా కలిపి చెప్పినది. ఒకటి ఆరు నెలల కాంట్రాక్టు. కాంట్రాక్టులో సెలవులూ భద్రతా ఉండవు కాబట్టి నెలకు ఎక్కువ ఇస్తారు. ఈ ఐదూ 133 నుంచి 150 దాకా ఉన్నాయి. వాటిని పక్కన పెట్టాక మిగిలిన తొమ్మిది ఇవి: 103, 105, 108, 109, 110, 111, 113, 116, 119. సరిగ్గా మధ్యన ఉన్నది 110.

"అంటే నేను 15 ఎక్కువ అడుగుతున్నానా మేడమ్?" అంది, ముఖం కాస్త వాడిపోయి.

నిజానికి అది ఆమెకు మంచి వార్త. మొత్తం వేతనాన్ని తీసుకొచ్చి స్థిర వేతనంతో పోల్చడం నేను అందరికంటే ఎక్కువగా చూసే తప్పు. ఆ కుర్చీలో ఉన్నవాళ్లు దాన్ని అర నిమిషంలో పట్టేస్తారు. ఒక అంకె తప్పని తేలితే ఉత్తరంలో మిగతావన్నీ అనుమానంలో పడతాయి. 121 సగటును కొట్టిపారేయడం తేలిక. ఒకే హోదా, ఒకే అనుభవం, పర్మనెంట్ ఉద్యోగం, స్థిర వేతనం మాత్రమే అని జల్లెడ పట్టిన తొమ్మిదింటి మధ్య అంకెను కొట్టిపారేయడం కష్టం. సగటు కాకుండా మధ్య అంకె తీసుకోవడానికీ కారణం ఉంది. సగటైతే ఒక్క 150 దూరినా మొత్తం పైకి లేస్తుంది, మధ్య అంకె అంతగా కదలదు.

ఆఫర్ 100, మార్కెట్ మధ్యన 110. అంటే ఆఫర్ మార్కెట్ కంటే దాదాపు 9 శాతం తక్కువ. అడగడానికి ఇది చాలు. మేం అడిగింది 112. మధ్య అంకె కంటే 2 పైకి ఎందుకంటే, ఆ కంపెనీ పాత డేటాబేస్ నుంచి కొత్త ప్లాట్‌ఫారానికి మారుతోంది, ఆ పని ఆమె ఇదివరకు రెండుసార్లు చేసింది. ఈ 2 ఆమె ఏడేళ్ల అనుభవానికి కాదు. ఆ అనుభవం సీనియర్ హోదాలోనే లెక్కకు వచ్చేసింది. ఈ 2 వాళ్లకు ఈ ఏడాది అవసరమైన ఆ ఒక్క పనికి.

"110 నుంచి 116 అని రాద్దామా?" అని అడిగింది. వద్దన్నాను. ఫారంలో గడి ఒకటే ఉంటుంది, అందులో ఒకే అంకె పడుతుంది. రెండు రాస్తే పడేది చిన్నదే.

ఇప్పుడు "ఇస్తేనే చేరగలను" అన్న మాట సంగతి. అది వినడానికి మొరటుగా ఉండటం ఒకటైతే, ఇంగ్లిష్ కామన్ లా నుంచి వచ్చిన ఒప్పంద చట్టం నడిచే చోట్ల దానికి ఇంకో చిక్కు ఉంది. 1840లో హైడ్ వర్సెస్ రెంచ్ అనే కేసులో ఒకాయన తన పొలాన్ని 1000 పౌండ్లకు అమ్ముతానన్నాడు. కొనేవాడు 950 ఇస్తానన్నాడు. అమ్మేవాడు కుదరదన్నాక, సరే 1000కే కొంటానన్నాడు. కోర్టు ఒప్పుకోలేదు. 950 అన్నప్పుడే మొదటి ప్రతిపాదన తిరస్కారానికి గురైంది, ఇక దాన్ని పట్టుకుని ఒప్పుకోవడానికి లేదంది. 1880లో స్టీవెన్సన్ వర్సెస్ మెక్‌లీన్ కేసులో మాత్రం, నిబంధన కాస్త మార్చే వీలుందా అని అడగడం విచారణే తప్ప తిరస్కారం కాదని తేల్చింది. ఉద్యోగాల విషయంలో ఇది కోర్టు దాకా వెళ్లడం నేను చూడలేదు. కానీ షరతు పెట్టిన ఉత్తరం అందుకుని, "అభ్యర్థి ఆఫర్ కాదన్నారు" అని ఫైలు మూసి రెండో అభ్యర్థికి ఫోన్ చేసిన రిక్రూటర్‌ను చూశాను. అందుకే మా ఉత్తరంలో షరతు లేదు, "వీలుందా" అనే ప్రశ్న ఉంది. ఆఫర్ నిలిచే ఉందని గుర్తు చేసే ఒక వాక్యమూ పెట్టాం.

ఆమెకు ఇంకో భయం ఉండేది. ఆడవాళ్లు జీతం అడిగితే అత్యాశ అనుకుంటారని. ఆ భయం ఉత్తది కాదు. హనా రైలీ బౌల్స్, లిండా బాబ్‌కాక్ తదితరులు 2007లో ప్రచురించిన ప్రయోగాల్లో, ఎక్కువ జీతం కోసం బేరానికి దిగిన ఆడవాళ్లను మగవాళ్లకంటే కఠినంగా అంచనా వేయడం కనిపించింది. 2013లో బౌల్స్, బాబ్‌కాక్‌లే ఇంకో అధ్యయనంలో, అడిగే కారణాన్ని సంస్థతో ఉండబోయే సంబంధానికి ముడివేసి చెబితే ఆ ఎదురుదెబ్బ తగ్గుతుందని చూపారు. ఈ వివక్ష ఉండకూడదు. కానీ సోమవారం ఉత్తరం పంపాల్సిన మనిషికి, ఉన్నదాన్ని దాటే దారి కావాలి. మా ఉత్తరంలో కృతజ్ఞత మొదటి పేరాలోకి వచ్చింది అందుకే.

అయితే ఆ కృతజ్ఞత ఎలాంటిది? ఆమె రాసిన "ఈ సువర్ణావకాశం కల్పించినందుకు హృదయపూర్వక ధన్యవాదాలు" అన్న వాక్యం ఏ కంపెనీకైనా పంపొచ్చు. ఇంటర్వ్యూల్లో నిజంగా ఏం నచ్చిందో చెప్పమన్నాను. కాసేపు ఆలోచించి, మూడో రౌండ్‌లో టీమ్ వాళ్లు తమ ఇబ్బందులు దాచకుండా చెప్పారని, అదే తనకు నచ్చిందని అంది. అదే రాయమన్నాను. అది చదివిన మేనేజర్‌కు ఆ రోజు గుర్తొస్తుంది. ఆయన లోపల ఆమె తరఫున ఒక మాట మాట్లాడాలి కాబట్టి, ఆయనకు ఆ రోజు గుర్తు రావడం ముఖ్యం.

సోమవారం ఉదయం పంపిన ఉత్తరం ఇది. పేర్లూ అసలు అంకెలూ మార్చాను, మిగతాది అలాగే ఉంది.

"నమస్కారం సార్,

గురువారం మీరు పంపిన ఆఫర్ అందింది. ధన్యవాదాలు. మూడో రౌండ్‌లో మీ టీమ్ సభ్యులు పాత డేటాబేస్‌తో పడుతున్న ఇబ్బందులను దాచకుండా చెప్పి, గంటసేపు వాటి మీదే నాతో కలిసి పనిచేశారు. రాబోయే పని ఎలా ఉంటుందో చేరకముందే ఇంత వివరంగా చెప్పినందుకు వారికి ప్రత్యేకంగా కృతజ్ఞురాలిని. ఈ టీమ్‌లో చేరాలని ఉంది.

స్థిర వేతనం గురించి ఒక విన్నపం. ఆఫర్‌లో అది 100గా ఉంది. గత నెల రోజుల్లో వేతనం వెల్లడించిన ప్రకటనల్లో ఇదే హోదా, ఇదే స్థాయి అనుభవం కోరిన పర్మనెంట్ ఉద్యోగాలు 9 చూశాను. వాటి స్థిర వేతనాల్లో మధ్య అంకె 110. తొమ్మిదిలో ఏడు 105, 116 మధ్య ఉన్నాయి. జాబితా జత చేశాను. దీనికి తోడు, ఈ ఉద్యోగానికి మీరు ముఖ్యంగా కోరిన మైగ్రేషన్ పనిని నేను రెండుసార్లు మొదటి నుంచి చివరిదాకా నడిపాను. రెండోసారి సేవలు ఒక్క రోజు కూడా ఆపకుండా పూర్తి చేశాం.

ఈ రెండు కారణాలతో స్థిర వేతనాన్ని 112కు సవరించే వీలుందేమో పరిశీలించగలరా? ఇది విన్నపమే, ఆఫర్ నా పరిశీలనలోనే ఉంది. మిగతా నిబంధనలన్నీ నాకు సమ్మతమే. సవరణ కుదిరితే ఆ రోజే సంతకం చేసి పంపగలను. ఫోన్‌లో మాట్లాడటం మీకు సులువైతే ఈ రోజు, రేపు ఎప్పుడైనా అందుబాటులో ఉంటాను."

అంతే. రెండో పేరా చూడండి. దాన్ని ఉత్తరంలోంచి కత్తిరించి ఎవరి ముందు పెట్టినా తనంతట తాను నిలబడుతుంది. ఇంటి రుణం, తమ్ముడి చదువు, పాత జీతం, క్షమాపణ, అన్నీ పోయాయి. పాత జీతం 94 అని వాళ్లు అడగలేదు, మేం చెప్పలేదు. చెప్పి ఉంటే చర్చంతా 94 నుంచి 100కు పెరిగింది కదా అన్న చోటే ఆగిపోయేది.

"ఆ రోజే సంతకం" అన్న మాటను చాలామంది చేతిలో ఉన్న ముక్కను ముందే చూపించేసినట్టు భావిస్తారు. నా అనుభవంలో అది పనిచేస్తుంది. మినహాయింపు కోసం పైవాళ్లను ఒప్పించాల్సిన రిక్రూటర్‌కు ఉండే పెద్ద దిగులు, ఇంత కష్టపడి తెచ్చాక అభ్యర్థి ఇంకోటి అడుగుతారేమోనని. ఆ దిగులు ఈ ఒక్క వాక్యంతో తీరుతుంది. కానీ రాశాక దానికి కట్టుబడాలి. 112 ఇచ్చాక 115 అడిగితే ఆ సంస్థలో ఆమె మాటకు విలువ పోతుంది.

జాయినింగ్ బోనస్ గురించి మొదటి ఉత్తరంలో కావాలనే రాయలేదు. రాస్తే లోపల అందరికీ తేలికైన దారి అదే. ఒక్కసారి ఇచ్చి ఊరుకోవచ్చు, బ్యాండ్ జోలికి పోనక్కర్లేదు. స్థిర వేతనం అలా కాదు, తర్వాతి ప్రతి పెంపూ దాని మీదే లెక్క కడతారు. కాబట్టి స్థిర వేతనం ఎక్కడ ఆగుతుందో తెలిసేదాకా రెండోది బయటికి తీయకూడదు.

మంగళవారం మధ్యాహ్నం ఫోన్ వచ్చింది. ఈ హోదాకు బ్యాండ్ 108తో ముగుస్తుందని, 104 వరకు తాను ఇప్పించగలనని రిక్రూటర్ చెప్పాడు. ఆమె వెంటనే ఒప్పుకోలేదు, కాదనీ అనలేదు. ముందే అనుకున్నట్టు, "మీరు ప్రయత్నించినందుకు థాంక్స్ సార్, గంటలో రాసి పంపుతాను" అని పెట్టేసింది. ఫోన్ మీద అప్పటికప్పుడు అంకె చెప్పకపోవడం ఈ కేసులో నాకు బాగా నచ్చిన విషయం. ఆ గంటలోనే మిగతాది తేలింది.

108 పైకప్పు అని తెలిశాక 112 గురించి వాదించడం దండగ. బ్యాండ్ దాటించాలంటే ఇంకో రెండు సంతకాలు, ఇంకో రెండు వారాలు, ఆ తర్వాత పాతవాళ్లతో పోలిక. కానీ 104కూ 108కీ మధ్య ఖాళీ ఉంది. రెండో ఉత్తరం ఐదు వాక్యాలు. బ్యాండ్ ఎంతో దాచకుండా చెప్పినందుకు ధన్యవాదాలు. బ్యాండ్ లోపలే ఉండేలా స్థిర వేతనం 107. మేం అడిగిన 112కు మిగిలిన తేడా కోసం ఒక్కసారి ఇచ్చే జాయినింగ్ బోనస్ 5. మొదటి వేతన సమీక్ష ఏడాదికి కాకుండా ఆరు నెలలకు, ఆ మాట ఆఫర్ లెటర్‌లోనే రాసి ఉండాలి. ఇవి కుదిరితే రేపు సంతకం.

బుధవారం పొద్దున సవరించిన లెటర్ వచ్చింది. మూడూ ఉన్నాయి. జాయినింగ్ బోనస్‌కు ఒక షరతు తగిలించారు, పన్నెండు నెలలలోపు మానేస్తే వెనక్కి ఇవ్వాలని. అది మామూలే. సంతకం పెట్టి, చేరే తేదీ రాతపూర్వకంగా ఖాయమయ్యాకే పాత చోట రాజీనామా ఇచ్చింది. అంతకు ముందు ఎంత ధీమా ఉన్నా రాజీనామా వద్దని నేను గట్టిగా చెబుతాను. బేరం నడుస్తుండగా ఆఫర్ వెనక్కి తీసుకున్న కంపెనీలను చూశాను. అలాంటి రోజు పాత కుర్చీ ఇంకా మనదై ఉండాలి.

చేరిన కొన్నాళ్లకు మేనేజర్ మాటల్లో ఒక సంగతి చెప్పాడట. మినహాయింపు కోసం రిక్రూటర్ పైకి పంపిన నోట్‌లో కారణం గడిలో ఉన్నవి ఆమె రెండో పేరాలోని వాక్యాలేనట, అక్షరం మార్చకుండా.

ఒకటి మాత్రం మా ఇద్దరి చేతుల్లోంచీ జారిపోయింది. వేరియబుల్ 12 అని ఆఫర్‌లో ఉంటే ఏడాదికి 12 అనే అనుకున్నాం. అది పూర్తి ఏడాది పనిచేసినవాళ్లకు, లక్ష్యాలన్నీ చేరితే వచ్చేది. కంపెనీ ఆర్థిక సంవత్సరంలో మూడు నెలలే మిగిలి ఉండగా ఆమె చేరింది కాబట్టి మొదటి ఏడాది గరిష్ఠంగా వచ్చేది 3. ఆ నిబంధన లెటర్‌లో కాకుండా వేరే పాలసీ పత్రంలో ఉంది. ఆ పత్రం పంపమని శుక్రవారమే అడగాల్సింది. అడిగి ఉంటే మొదటి ఏడాది వేరియబుల్‌లో ఎంత భాగం ఖాయమో రాయించుకునేవాళ్లం, లేదా ఆ లోటును చూపి జాయినింగ్ బోనస్ ఇంకాస్త అడిగేవాళ్లం. ఆరు నెలల సమీక్షలో ఆమెకు బ్యాండ్ చివరిదాకా, 108 ఇచ్చారు. అంతకు మించాలంటే తర్వాతి హోదాకు వెళ్లాలని చెప్పారు. ఆ హోదాకు ఏమేం చూపించాలో రాతపూర్వకంగా అడిగి తీసుకుంది.